బస్సుండగా నడవడమెందుకు?

పిల్లలూ, ఈసారి మన పత్రిక తెలుగు పేజీల కోసం మా ఇంట్లో జరిగిన ఒక సాయంత్రం గురించి రాస్తున్నాం. ‘మేం’ అంటే మీ తెలుగు మాస్టారూ, వాళ్ళావిడా. మేమిద్దరం ఒకే కాలేజీలో, ఒకే తరగతిలో చదువుకున్నాం. ఇద్దరికీ స్నేహితులు వాళ్ళే కాబట్టి ఈ కథ ఇద్దరిదీ.

మొన్న డిసెంబరు సెలవుల్లో నంద్యాల నుంచి, హైదరాబాదు నుంచి మా కాలేజీ మిత్రులు నాలుగు కుటుంబాలు అండమాన్ చూడటానికి వచ్చాయి. సెల్యులార్ జైలు చూశారు, సముద్రంలో ఈదారు. తిరుగు ప్రయాణానికి ముందు రోజు రాత్రి ఆస్టినాబాద్‌లోని మా అద్దె ఇంట్లో భోజనాలు. అన్నాలయ్యాక కరెంటు పోయింది. అందరం చాపలు తీసుకుని వరండాలోకి చేరాం.

కాలేజీ హాస్టల్లో మాకొక అలవాటుండేది. కరెంటు పోతే ఎవరో ఒకరు తమకు తెలిసిన విషయం మీద పావుగంట మాట్లాడాలి. మిగిలినవాళ్ళు మధ్యలో అడ్డుతగలకూడదు, చివర్లో ఎన్ని ప్రశ్నలైనా అడగొచ్చు. ఆ రాత్రి వంతు మాది. బ్యాంకులో పనిచేసే మిత్రుడు విషయం కూడా తనే ఇచ్చాడు. “మీరు కర్నూల్లో ఉన్నప్పుడు శ్రీశైలం నడిచి వెళ్ళారటగా. బస్సుండగా నడవడమెందుకురా? అంత నడిచి జనం ఏం దొరుకుతుందనుకుంటారు?”

మేం చెప్పింది ఇదీ.

శ్రీశైలం నల్లమల అడవి మధ్యలో ఉంది. ఇప్పుడు ఘాట్ రోడ్డుంది, బస్సులున్నాయి. పూర్వం ఎవరికైనా అడవి దారే గతి. చెన్నపట్నంలో సుప్రీం కోర్టు దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీకి బయలుదేరి, దారిలో శ్రీశైలం కూడా చూశాడు. ఆయన రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’లో ఆత్మకూరు, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొల్లం అనే పేర్లు వరసగా కనిపిస్తాయి. దాదాపు రెండు వందల ఏళ్ళ తరువాత మేం నడిచిన దారి కూడా అదే. పేర్లు కూడా పెద్దగా మారలేదు.

అంటే ఆ రోజుల్లో చాలామందికి నడవడం ప్రత్యేకమైన మొక్కు కాదు, కొండకు చేరే మార్గం అంతే. దేవుడికి ఇచ్చుకునేది పూజ, దానం. రోడ్డు పడి బస్సు వచ్చిన తరువాత నడక కూడా ఒక కానుక అయిందని మాకనిపిస్తుంది. నాలుగు గంటల్లో చేరగలిగిన చోటికి నాలుగు రోజులు పెట్టి వెళ్ళడమంటే, మిగుల్చుకోగలిగిన కాలాన్ని, కష్టాన్ని కావాలని ఇచ్చేయడం. కాబట్టి మా మిత్రుడి ప్రశ్నలోనే సగం జవాబుంది. బస్సుంది కనకనే నడుస్తారు.

ఎందుకిస్తారన్నది మిగతా సగం. అక్కడికి రావాలంటే మా సంగతి చెప్పాలి.

మా బాబు మేం అస్సాంలో ఉన్నప్పుడు ఏడో నెలలోనే పుట్టాడు. ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఇరవై నాలుగు రోజులున్నాడు. వాడి అమ్మమ్మ నంద్యాలలో ఉండేది. వాడి కోసం మేం కూడా ఆమెను అమ్మమ్మనే పిలిచేవాళ్ళం. అంత దూరం రాలేక ఆమె రోజూ ఫోను చేసేది. ఒకరోజు, “మల్లన్నకు మొక్కుకున్నాను, భయపడకండి” అంది. ఏమని మొక్కుకుందో మేం అడగలేదు. పిల్లాడు బతికాడు, ఇంటికొచ్చాడు, మేం ఆ మాట మరిచిపోయాం.

ఆ తరువాత నాలుగేళ్ళకు, మేం ఇంకా అస్సాంలోనే ఉండగా, అమ్మమ్మ పోయింది. ఫోను రాత్రి వచ్చింది. రైళ్ళు మారి నంద్యాల చేరేసరికి మూడో రోజు. అప్పటికి అన్నీ అయిపోయాయి. మీలో చాలామందికి ఈ దూరం సంగతి చెప్పక్కర్లేదు. ఇక్కణ్ణుంచి విశాఖపట్నానికి ఓడలో రెండున్నర మూడు రోజులు పడుతుందని మీకు తెలుసు.

పదకొండో రోజున ఆమె దేవుడి గూడు సర్దుతుంటే పసుపు గుడ్డలో కట్టిన ముడుపు దొరికింది. లోపల పదకొండు రూపాయి బిళ్ళలు. పక్కింటావిడ చెప్పింది: “మనవడు బతికితే నీ కొండకు కాలినడకన వస్తానని కట్టిందమ్మా. తరువాత మోకాళ్ళు పడిపోయాయి. డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు. ప్రతి శివరాత్రికీ దాన్ని తీసి చూసుకుని మళ్ళీ పెట్టేది.”

మొక్కులో మూడు ముక్కలుంటాయి: ఏం కావాలి, బదులుగా ఏమిస్తాం, ఇచ్చేదాకా గుర్తుగా ఏం దాచుకుంటాం. ఆ మూడోదే ముడుపు. అప్పుపత్రం లాంటిది. డబ్బు లేనివాళ్ళు కూడా మొక్కుకోగలరు, ఎందుకంటే కాళ్ళు అందరికీ ఉంటాయి. దారిలో నడిచేవాళ్ళను కారణమడిగితే చాలామంది చెప్పేది ఇలాంటి కథే. బిడ్డకు జ్వరం తగ్గింది, బోరులో నీళ్ళు పడ్డాయి, కొడుకుకు ఉద్యోగమొచ్చింది. అడగడానికి వెళ్ళేవాళ్ళకన్నా, ముందే అందినదాని బాకీ తీర్చడానికి వెళ్ళేవాళ్ళే మాకు ఎక్కువగా కనిపించారు. నడిచి చేరాక ఏదో దొరుకుతుందని కాదు, దొరికినదానికి లెక్క చెల్లుతుందని వాళ్ళ ఆశ.

ముడుపు మాతోనే ఉండిపోయింది. రెండేళ్ళ తరువాత కర్నూలుకు బదిలీ అయింది. అక్కడి నుంచి ఆత్మకూరు బస్సులో రెండు గంటలు. ఇక తప్పించుకోవడానికి దూరం కూడా లేదు. ఉగాదికి నాలుగు రోజుల ముందు పిల్లాణ్ణి బాబాయి ఇంట్లో వదిలి బయలుదేరాం.

శివరాత్రికి, ఉగాదికి మాత్రమే ఈ అడవి దారి తెరుస్తారు. పెద్దపులుల అభయారణ్యం కాబట్టి మిగతా రోజుల్లో వెళ్ళనివ్వరు. ఆత్మకూరు దాటి వెంకటాపురం దగ్గర అడవిలోకి అడుగుపెడతాం. అక్కడ అటవీ శాఖవాళ్ళు సంచులు చూసి అగ్గిపెట్టెలు, బీడీలు, ప్లాస్టిక్ కవర్లు తీసేసుకుంటారు. మార్చి నెలలో నల్లమలలో ఎండుటాకు కాలి కింద పెళపెళమంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. అక్కణ్ణుంచి కొండకు సుమారు నలభై కిలోమీటర్లు. మాలాంటివాళ్ళకు రెండు రోజుల నడక.

అడవిలో మాతో నడిచినవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళు కాదు. కన్నడిగులు. బాగలకోట, విజయపుర, రాయచూరు వైపుల నుంచి ఏటా ఉగాదికి వేలమంది నడిచి వస్తారు. బాగలకోట నుంచి లెక్క వేసుకుంటే దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు. రోజుకు ముప్పై చొప్పున పదమూడు రోజులు. తెల్లవారుజామున మూడింటికి లేచి నడక మొదలుపెడతారు, పది దాటేలోగా ఏదో చెట్టు కిందకు చేరతారు, మళ్ళీ నాలుగింటికి కదులుతారు. నడిమి ఎండలో తారు మీద నడిస్తే అరికాలు కాలుతుందని వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఊరి బృందం కంబిని భుజాన మోసుకొస్తుంది. కొందరు మరగాళ్ళ మీద నడుస్తారు. తిండికి జొన్నరొట్టెలు. బాగా ఎండేదాకా కాల్చిన ఆ రొట్టెలు అప్పడాల్లా విరుగుతాయి, వారాల తరబడి పాడవవు. వేరుశెనగ పొడి అద్దుకుని తింటారు.

మొదటి పూట నాగలూటి చేరాం. పాత వీరభద్రుడి గుడి, కోనేరు, చింతచెట్లు. అక్కడే ఒక కన్నడ కుర్రాడు కాలు చాపుకుని అరికాలి బొబ్బలోకి దారం ఎక్కించిన సూది గుచ్చి, దారాన్ని అందులోనే వదిలేశాడు. నీరు దారం వెంట కారిపోతుందట. (ఇక్కడ మా డాక్టరు మిత్రురాలు నియమం తప్పి అడ్డొచ్చింది. “ఆ దారమే లోపలికి చీము తెస్తుంది. బొబ్బ చితకనంతవరకూ దాని పైచర్మమే మంచి కట్టు. చుట్టూ ఎరుపు పాకినా, జ్వరమొచ్చినా నడక ఆపాల్సిందే” అంది. ఆ కుర్రాడికి ఈ మాట అందలేదు గానీ, మీకైనా ఉపయోగపడుతుందని రాస్తున్నాం.)

రాత్రి పెచ్చెరువు దగ్గర పడుకున్నాం. పెద్ద చెరువు, పక్కన చెంచుల గూడెం. ఎవరో దాతలు పప్పన్నం, మజ్జిగ పెడుతున్నారు. వరసలో నిలబడ్డప్పుడు ఒక విషయం గమనించాం. ఇంతవరకూ మేం ఏ ఊరు వెళ్ళినా మొదటి ప్రశ్న “మీదే ఊరు?” అని. మాకు దానికి జవాబు చెప్పడం ఎప్పుడూ కష్టమే. ఒడిశా అనాలా, అస్సాం అనాలా, నంద్యాల అనాలా? మీకూ ఈ ఇబ్బంది తెలిసే ఉంటుంది. ఆ దారిలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. “ఎన్నో ఏడు?” అని అడిగారు. నడవడం ఇది ఎన్నో సంవత్సరం అని. “మొదటిది” అన్నాం. “అయితే రేపు కొల్లం దగ్గర జాగ్రత్త” అన్నారు.

వాళ్ళెందుకు అన్నారో మర్నాడు మధ్యాహ్నానికి తెలిసింది. భీముని కొల్లం అంటే రెండు కొండల మధ్య లోతైన లోయ, అడుగున నీటిమడుగు. ఇటు దిగాలి, అటు ఎక్కాలి. రాతిమెట్లు వందల్లో ఉంటాయి. పద్నాలుగో శతాబ్దంలో అద్దంకి రాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడని చరిత్రలో చదువుకున్నాం గానీ, ఒక్కో మెట్టు ఇంత ఎత్తుంటుందని పుస్తకంలో రాయలేదు. అందరూ ఎక్కడానికి భయపడతారు. నిజానికి మోకాళ్ళను చంపేది దిగడం. ఒంటి బరువంతా ప్రతి మెట్టు దగ్గరా ఒక్క మోకాలి మీద పడుతుంది, కాలివేళ్ళు బూటు ముందుభాగానికి గుద్దుకుంటాయి.

సగం దిగేసరికి మాలో ఒకరికి కళ్ళు తిరిగాయి. ఎవరికని అడక్కండి, ఇంట్లో ఇంకా తేలలేదు. చెమట పట్టడం తగ్గి, మాట తడబడింది. ఎండదెబ్బ ముదిరిందనడానికి అవి ప్రమాద సంకేతాలు. వెనక వస్తున్న ఒక పెద్దాయన చూసి, వెంటనే నీడలోకి జరిపించాడు. తడిగుడ్డ మెడ మీద వేశాడు. తన సొరకాయ బుర్రలోంచి ఉప్పు కలిపిన మజ్జిగ కొద్దికొద్దిగా తాగించాడు. “గడగడా తాగితే కక్కుకుంటారు” అన్నాడు కన్నడంలో. కర్నూల్లో ఉండటం వల్ల మాకు ఆ మాత్రం కన్నడం అర్థమవుతుంది. అరగంట అలా కూర్చున్నాం.

“ఎవరి మొక్కు?” అని అడిగాడాయన. చెప్పాం. ముడుపు చూపించాం. “ఆమె నడుస్తానంది. మేం నడిస్తే చెల్లుతుందా తాతా?” అని అడిగాం. అప్పుడు మాకు అసలు భయం అదే.

ఆయన దానికి జవాబు చెప్పలేదు. తన మూట విప్పి ఒక చీర చూపించాడు. ఆకుపచ్చ ఇలకల్ చీర, మీద కుంకుమ పొట్లం, గాజులు. బాగలకోట దగ్గర పల్లె ఆయనది. ఇరవై ఏడేళ్ళుగా నడుస్తున్నాడు. “మీ మొక్కేమిటి?” అని మేమూ అడిగాం. ఆయనకు నవ్వొచ్చింది. “మొక్కా? భ్రమరమ్మ మా ఇంటి ఆడపిల్ల. మల్లయ్య అల్లుడు. పండక్కి కూతురింటికి సారె తీసుకుపోవడానికి మొక్కెందుకు?”

ఇది ఆయన ఒక్కడి మాట కాదు. భ్రమరాంబను తమ కూతురిగా, మల్లికార్జునుణ్ణి అల్లుడిగా అనుకోవడం ఆ కన్నడ భక్తుల్లో తరతరాలుగా ఉన్నదే. పన్నెండో శతాబ్దంలో అక్క మహాదేవి కల్యాణం నుంచి ఈ కొండకే నడిచి వచ్చిందంటారు. ఆమె మల్లికార్జునుణ్ణి భర్తగానే తలచింది. మహారాష్ట్రలో ఉండి వచ్చిన మీకు తెలిసే ఉంటుంది, ఆషాఢ ఏకాదశికి ఆళంది నుంచి పండరిపురం దాకా సుమారు 250 కిలోమీటర్లు నడిచే వార్కరీలు కూడా విఠలుణ్ణి తల్లిగా పిలుచుకుంటారు. తల్లిని చూడటానికి వెళ్ళేవాడు చేతిలో కోరికల పట్టీ పట్టుకుని పోడు. ఇలా నడిచేవాళ్ళకు దొరకాల్సింది వేరే ఏమీ లేదు. ఏడాదికోసారి వెళ్ళడమే వాళ్ళకు కావలసింది. వెళ్ళకపోతే చుట్టరికం తెగుతుందని వాళ్ళ బెంగ.

మిత్రులకు చెబుతూ ఇక్కడ మేం కాసేపు ఆగాం. ఎందుకంటే ఆ మెట్ల మీద ఆయన మాట విన్నప్పుడు మాకు అమ్మవారు గుర్తు రాలేదు. నంద్యాలలోని ఇల్లు గుర్తొచ్చింది. ఆయన ఇరవై ఏడు ఉగాదులకు కూతురింటికి నడిచి వచ్చాడు. పెళ్ళయ్యాక అమ్మమ్మ బతికున్నన్నాళ్ళూ ఆ ఇంటికి మేం ఎన్ని ఉగాదులకు వెళ్ళాం? కూర్చున్నచోటే లెక్క వేశాం. రెండు. సెలవు దొరకలేదు, టికెట్లు దొరకలేదు, పరీక్షలున్నాయి. ఒక్కటీ అబద్ధం కాదు. అయినా లెక్క రెండే.

అంతవరకూ మేం ఆమె బాకీ తీర్చడానికి నడుస్తున్నామనుకున్నాం. ఆ తరువాత ఎక్కిన ప్రతి మెట్టూ మా బాకీ కోసమే ఎక్కాం.

అవతలి గట్టు ఎక్కితే కైలాస ద్వారం. అక్కణ్ణుంచి కొద్ది దూరంలో హటకేశ్వరం, ఆపైన గుడి. సాయంత్రానికి చేరాం. బారులో నాలుగు గంటలు నిలబడితే దర్శనం రెండు క్షణాలు. ముడుపు హుండీలో వేశాం. బిళ్ళలు లోపల పడిన చప్పుడు కూడా ఆ రద్దీలో వినపడలేదు. పెద్దాయన మాకు మళ్ళీ కనపడలేదు. సారె ఇచ్చి, ఉగాది చూసుకుని, తన ఊళ్ళవాళ్ళతో వెళ్ళిపోయి ఉంటాడు.

మా మాట అయిపోయింది. బ్యాంకు మిత్రుడు మొదటి ప్రశ్న అడిగాడు. “మరి చెల్లిందా?”

ఆమె మొక్కు చెల్లిందనే మా నమ్మకం. ఆమె ఇస్తానన్నది కాలినడక. ఆమె కాళ్ళు చేయలేని పని ఆమె పిల్లల కాళ్ళు చేశాయి. ఇంట్లో పెద్దల అప్పు పిల్లలు తీరిస్తే ఎవరూ కాదనరు. మా బాకీ సంగతి వేరు. అది తీరలేదు. తీర్చుకోవాల్సిన మనిషి లేదు. నడక ఆలస్యాన్ని వెనక్కి తీసుకోలేదు. అది కూడా దారే నేర్పింది.

“అయితే నడిచి లాభమేమిటి?” అన్నాడు వాడు, ఎగతాళిగా కాదు.

బస్సులో వెళ్ళి ఉంటే ఆ లెక్క వేసేవాళ్ళం కాదు. రెండు గంటలు నిద్రపోయి, దిగి, ముడుపు వేసి, పులిహోర తిని వచ్చేసేవాళ్ళం. మొక్కు అప్పుడూ చెల్లిందనుకునేవాళ్ళమేమో. రెండు రోజులు వేరే పనేమీ లేకుండా ఒక్క మనిషి గురించే తలచుకుంటూ ఉండటానికి మా జీవితంలో అంతకుముందు సమయం దొరకలేదు. నడకకు అంతకు మించిన మహిమ మేం చూడలేదు. అందరికీ అదే దొరుకుతుందని చెప్పలేం. మాకు దొరికింది అది.

ఇంతలో వరండా చివర నుంచి మా పక్కింటి మామ్మగారు మాట కలిపారు. వాళ్ళది శ్రీకాకుళం వైపు పల్లె. పెళ్ళయిన కొత్తలో ఓడెక్కి ఇక్కడికి వచ్చారు. ఆవిడకు కొండంటే సింహాచలమే. ఆషాఢ పున్నమి ముందు రోజు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడిచే గిరిప్రదక్షిణ గురించి ఆవిడ చెప్పారు. అడవివరం, హనుమంతవాక, సముద్రం పక్కన అప్పుఘర్, అక్కణ్ణుంచి ఊళ్ళోకి తిరిగి మాధవధార, గోపాలపట్నం మీదుగా మళ్ళీ కొండ కిందికి. రాత్రంతా నడక.

“ఓడ టికెట్టు దొరికిన యేడు ఎళ్తాను. దొరకని యేడు ఆ రాత్రి నిద్దరోను బాబూ” అన్నారావిడ. “మా తులసికోట సుట్టూ తిరుగుతాను. అప్పన్నకు తెలీదేటి, ఓడల సంగతి?”

మా డాక్టరు మిత్రురాలు నవ్వింది. బ్యాంకు మిత్రుడు మాత్రం నవ్వలేదు. కాసేపటికి కరెంటు వచ్చింది. అందరూ సామాన్లు సర్దుకోవడానికి లేచారు. వాడు ఫోను తీసుకుని గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. వాళ్ళమ్మ ఆళ్ళగడ్డలో ఒక్కతే ఉంటుంది. “ఏమ్మా, పడుకున్నావా?” అనడం మాకు వినిపించింది.

ఈ మార్చిలో మా బాబు పరీక్షలు అయిపోతాయి. వాడికి ఇంతవరకూ ఆ ముడుపు సంగతి చెప్పలేదు. మీలో ఒకడే కాబట్టి ఈ పత్రికలో చదువుకుంటాడు. చదివాక, నడుద్దామని వాడే అడిగితే, ఈసారి ముగ్గురం వెళ్తాం. వాడికి దారిలో ఎవరైనా “ఎన్నో ఏడు?” అంటే మొదటిదని చెప్పుకుంటాడు. మేం రెండోదంటాం.

— మీ తెలుగు మాస్టారు, వాళ్ళావిడ
ఆస్టినాబాద్